యాభై ఆరు శ్రుతిదండాలు

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఎంసెట్‌కి తయారైనవాళ్లలో చాలామందికి ఈ లెక్క తగిలే ఉంటుంది. కొన్ని శ్రుతిదండాలను పౌనఃపున్యం పెరిగే వరసలో పేర్చారు. ప్రతి దండం తన ముందున్న దండంతో కలిసి మోగితే సెకనుకు నాలుగు విస్పందనాలు వస్తాయి. చివరి దండం మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. మొదటిదాని పౌనఃపున్యం ఎంత? దండాలు 56 అయితే వాటి మధ్య ఖాళీలు 55, యాభై అయిదు నాలుగులు 220. అర నిమిషం పని. ఖాళీలకు బదులు దండాలను లెక్కపెట్టినవాడికి 224 వస్తుంది. పేపరు తయారుచేసినవాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆప్షన్లలో 224 కూడా ఉంటుంది.

ఇలాంటి దండాల వరస ఒకటి నిజంగానే ఉండేదని మాత్రం గైడ్లలో రాయరు. దాన్ని తయారుచేసినవాడు జర్మనీలోని క్రేఫెల్డ్ పట్టణంలో పట్టుబట్టల వ్యాపారం చేసిన యోహాన్ హైన్రిష్ షైబ్లర్. 1777లో పుట్టి 1837లో పోయాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడు కాడు. పంటికి ఆనించి వాయించే మోర్సింగులను కొన్నిటిని ఒకచోట బిగించి ఒక వాద్యం చేసిన మనిషి. తన దండాల వరసను వివరిస్తూ 1834లో పుస్తకం వేశాడు. ఆయన దండాలు 220 నుంచి 440 దాకా, నాలుగేసి హెర్ట్జ్ ఎడంతో సాగుతాయి. మనకు అర నిమిషం లెక్కగా కనిపించేది ఆయనకు ఆకురాయితో, చెవితో, గడియారంతో చేయాల్సిన పని.

ఆ రోజుల్లో ఒక స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పడం చిన్న విషయం కాదు. 1819లో కన్యార్ ద లా తూర్ సైరన్ కనిపెట్టాడు. రంధ్రాలున్న చక్రాన్ని గాలితో తిప్పి, దాని కూత మనకు కావాల్సిన స్వరంతో కలిసేదాకా వేగం పెంచి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. చక్రం ఒకే వేగంతో తిరిగితేనే లెక్క నిలుస్తుంది. గాలి కాస్త హెచ్చినా తగ్గినా స్వరం జారిపోతుంది. షైబ్లర్ పద్ధతిలో తిరిగే భాగమే లేదు. సెకనుకు 220 కంపనాలను ఎవరూ లెక్కపెట్టలేరు, నాలుగింటిని మాత్రం పిల్లవాడైనా లెక్కపెడతాడు. లెక్కపెట్టలేని పెద్ద సంఖ్యను ఆయన లెక్కపెట్టగల 55 చిన్న తేడాలుగా కోశాడు. మొదటి దండం పౌనఃపున్యం ఎంతో ముందుగా తెలియనక్కర్లేదు. చివరిది దానికి రెట్టింపు అయితే, రెంటికీ ఉన్న తేడా మొదటిదాని పౌనఃపున్యంతో సమానం. ఆ తేడా మధ్యలో విన్న విస్పందనాలన్నిటి మొత్తం. విస్పందనాలతో పౌనఃపున్యం కనుక్కోవచ్చన్న ఆలోచన షైబ్లర్ది కాదు, 1700 ప్రాంతంలోనే ఫ్రాన్సులో జోసెఫ్ సోవర్ ఆర్గాన్ గొట్టాలతో ఆ దారి పట్టాడు. షైబ్లర్ గొప్పతనం పనితనంలో ఉంది.

దగ్గరి పౌనఃపున్యాలున్న రెండు దండాలు ఒకేసారి మోగితే జరిగేది ఇది. ఒకటి సెకనుకు 300 సార్లు, రెండోది 304 సార్లు కంపిస్తున్నాయనుకుందాం. ఒక క్షణంలో రెండూ గాలిని ఒకేవైపు నెడతాయి, ధ్వని బలపడుతుంది. రెండోది కొంచెం వేగంగా పరిగెడుతుంది కాబట్టి సెకనులో ఎనిమిదో వంతు గడిచేసరికి అది అరకంపనం ముందుకు పోతుంది. అప్పుడు ఒకటి నెడితే ఇంకొకటి లాగుతుంది, ధ్వని సన్నబడుతుంది. మరో ఎనిమిదో వంతుకి మళ్లీ కలుస్తాయి. మనకు వినబడేది 302 దగ్గర ఒకే స్వరం, సెకనుకు నాలుగుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ.

నాలుగే ఎందుకు? సెకనుకు ఒకటికన్నా నెమ్మదైతే ఉబ్బు ఎక్కడ శిఖరానికి చేరిందో చెవి గట్టిగా చెప్పలేదు. ఏడెనిమిదికి మించితే లెక్క తప్పుతుంది. ఇంకా పెరిగి పదిహేను, ఇరవై అయితే అది విస్పందనంలా కాకుండా గరగరలా వినిపిస్తుంది. నాలుగుకి ఇంకో సౌకర్యం ఉంది. సెకనుకోసారి కొట్టే మెట్రోనోమ్ పక్కన పెట్టుకుంటే ప్రతి టిక్కుకూ నాలుగు ఉబ్బులు పడాలి. పడుతున్నాయో లేదో విడిగా లెక్కపెట్టకుండానే తెలుస్తుంది. దండాలు కొంచెం తేడాగా ఉంటే ఉబ్బు టిక్కు నుంచి మెల్లగా పక్కకి జరుగుతుంది. ఇరవై సెకన్లలో ఒక ఉబ్బంత జరిగిందంటే సెకనుకు ఇరవయ్యో వంతు, అంటే 0.05 హెర్ట్జ్ తప్పు. మూడొందల కంపనాల్లో ఆరువేలో వంతు తేడాను మామూలు చెవి, మామూలు గడియారం పట్టేశాయన్నమాట. రెండు స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి విని పోల్చే పద్ధతిలో ఎంత శ్రుతిజ్ఞానం ఉన్న సంగీతజ్ఞుడికైనా ఇది అసాధ్యం.

తప్పు తేలాక సరిచేయాలి. దండం కొమ్ముల కొసలను ఆకురాయితో రాస్తే బరువు తగ్గి పౌనఃపున్యం పెరుగుతుంది. కొమ్ములు కలిసే మొదట్లో రాస్తే బిగువు తగ్గి పౌనఃపున్యం పడిపోతుంది. వినడానికి సులువే. కానీ రాపిడికి ఉక్కు వేడెక్కుతుంది, పట్టుకున్న చేతి వెచ్చదనమూ తోడవుతుంది. ఉక్కు దండం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాని పౌనఃపున్యం సుమారు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. పది డిగ్రీలు వేడెక్కిన 300 హెర్ట్జ్ దండం 0.3 హెర్ట్జ్ కిందికి దిగుతుంది. మనం వెతుకుతున్న తప్పుకి అది ఆరింతలు! కాబట్టి రెండు గీతలు రాయడం, దండాన్ని పక్కన పెట్టి చల్లారనివ్వడం, మళ్లీ వినడం. తొందరపడి వేడిమీదే సరిచేసిన దండం చల్లారాక పైకి పోయి కూర్చుంటుంది.

ఒక్కో జతలో 0.05 తప్పు చిన్నదే. 55 జతల్లో అది ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. తప్పులు ఒకసారి అటూ ఒకసారి ఇటూ పడితే చాలావరకు కొట్టుకుపోయి, మొత్తంలో 0.4 హెర్ట్జ్‌కి లోపే మిగులుతుంది. అన్నీ ఒకే వైపు పడితే మాత్రం 2.75 హెర్ట్జ్. 220 అనుకున్న దండం నిజానికి 222.75 అవుతుంది. అరస్వరంలో ఐదో వంతు తేడా, వాద్యకారుడి చెవిలో ముల్లులా గుచ్చుకునేంత. ఒకే వైపు తప్పడానికి అనుమానించాల్సిన మొదటి ముద్దాయి మెట్రోనోమ్. అది నూటికి ఒక వంతు మందకొడిగా నడిస్తే 55 జతలూ నూటికి ఒక వంతు తప్పుతాయి, ఒకదానినొకటి సరిచేసుకోవు. అందుకే మెట్రోనోమ్‌ని మంచి గడియారంతో సరిచూసుకోవాలి. రోజుకి ఒక నిమిషం తప్పే గడియారమైనా చాలు, దానివల్ల 220లో వచ్చే తేడా 0.15 మాత్రమే.

ఇక్కడ ధ్వని తీవ్రతకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. విస్పందనాలు బాగా వినబడాలంటే రెండు దండాలూ ఎంత బలంగా మోగాలి? ఒకటి గట్టిగా, ఇంకొకటి నీరసంగా ఉంటే ఏమవుతుంది? షైబ్లర్ కాలానికి డెసిబెల్ పుట్టలేదు. 1920లలో అమెరికాలోని బెల్ టెలిఫోన్ ఇంజనీర్లు దాన్ని వాడుకలోకి తెచ్చారు. మన చేతిలో అది ఉంది కాబట్టి ఆయన వినికిడిని దానితో కొలిచి చూద్దాం.

డెసిబెల్లను మామూలు అంకెల్లా కూడకూడదు. 60 డెసిబెల్ల దండాలు రెండు మోగితే 120 రాదు. 120 అంటే చెవులు నొప్పెట్టే మోత. ముందు డెసిబెల్లను తీవ్రతలోకి మార్చాలి, తీవ్రతలను కూడాలి, తిరిగి డెసిబెల్లలోకి తేవాలి. 60 డెసిబెల్లంటే చెవికి ఆనే కనీస తీవ్రతకు పది లక్షల రెట్లు. అలాంటివి రెండు కలిస్తే ఇరవై లక్షల రెట్లు. ఇరవై లక్షల సంవర్గమానం 6.3, దాన్ని పదితో గుణిస్తే 63. తీవ్రత రెట్టింపైతే స్థాయి మూడు డెసిబెల్లే పెరుగుతుంది. 60కి 50 తోడైతే? 50 అంటే లక్ష రెట్లు. పది లక్షలూ లక్షా కలిపి పదకొండు లక్షలు, తిరిగి మారిస్తే 60.4. పది డెసిబెల్లు తక్కువున్న ధ్వని మొత్తానికి అర డెసిబెల్ కూడా చేర్చలేకపోయింది. 40 తోడైతే 60.04, అంటే ఏమీ చేర్చనట్టే. రోడ్డుపక్క మోత కొలిచే ఇంజనీర్లు గట్టి మూలానికన్నా పది డెసిబెల్లు తక్కువున్న మూలాలను చాలాసార్లు పక్కన పెట్టేది ఈ లెక్కతోనే.

అయితే ఈ కూడిక సగటుకు మాత్రమే చెల్లుతుంది. ఏ ఒక్క క్షణంలోనైనా గాలిలో కలిసేవి తీవ్రతలు కావు, పీడనాలు. సమానమైన రెండు పీడనాలు ఒకే దిక్కున కలిస్తే పీడనం రెట్టింపు, తీవ్రత నాలుగింతలు. 60కి ఆరు చేరి 66. ఎదురెదురైతే నిశ్శబ్దం. నాలుగింతలకూ సున్నాకూ సగటు రెండింతలు, అదే మన 63. సౌండ్ లెవెల్ మీటరును నెమ్మది మోడ్‌లో పెట్టి ఈ రెండు దండాల ముందు ఉంచితే అది 63 దగ్గరే నిలబడి, డెసిబెల్‌లో మూడో వంతంత అటూ ఇటూ వణుకుతుంది. వేగం మోడ్‌కి మారిస్తే ఊపు సుమారు రెండున్నర డెసిబెల్లకు పెరుగుతుంది. ముందు నిల్చున్న మనిషికి మాత్రం ధ్వని సెకనుకు నాలుగుసార్లు పుట్టి చచ్చిపోతున్నట్టు వినిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది సమానం కాని జత. ఒకటి 60, ఇంకొకటి 50. సగటు 60.4 అని తేలింది కదా, రెండో దండం ఉన్నా లేనట్టే అనిపిస్తుంది. పీడనాలు చూస్తే కథ వేరు. పది డెసిబెల్లు తక్కువంటే తీవ్రతలో పదో వంతు, పీడనంలో మాత్రం దాదాపు మూడో వంతు, 0.316. కలిసినప్పుడు 1.316, ఎదురైనప్పుడు 0.684. డెసిబెల్లలో చెబితే 62.4 నుంచి 56.7 దాకా. మొత్తంలో 0.4 చేర్చిన దండం దాదాపు ఆరు డెసిబెల్ల ఊగిసలాట తెచ్చింది. 60తో 40 కలిసినా 60.8 నుంచి 59.1 దాకా ఊగుతుంది. ఒకటిన్నర డెసిబెల్ దాటిన ఊపును గదిలో సందడి లేకపోతే చెవి పట్టుకుంటుంది. ముప్ఫై డెసిబెల్ల తేడాకు వచ్చాక ఊపు అర డెసిబెల్‌కి దిగి ఇక చేజారుతుంది. మీటరు అంకెల్లో లేనట్టే అయిపోయిన ధ్వని, పక్కనున్న గట్టి ధ్వనిని ఊపుతూ తన ఉనికి చెప్పుకుంటుందన్నమాట.

షైబ్లర్ వరసకి ఇది రెండుచోట్ల పనికొస్తుంది. మొదటిది పక్క పక్క దండాల దగ్గర. రెండూ ఒకే బలంతో మోగితే లోయ నిశ్శబ్దం దాకా దిగి ఉబ్బులు తేటగా వినబడతాయి. ఒకదాన్ని గట్టిగా కొట్టామనుకోండి, దాన్ని చెవికి కాస్త దూరంగా జరపాలి. చెక్క పెట్టె మీద నిలబెట్టిన దండాన్ని ఆరుబయట రెండింతల దూరం జరిపితే ఆరు డెసిబెల్లు తగ్గుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల అంత తగ్గదు. తంబురా శ్రుతి చేసేటప్పుడు నడిమి సారణి తీగలు రెంటినీ ఒకే ఒత్తిడితో మీటమని గురువులు చెప్పేదాని వెనకా ఇదే కారణం పనిచేస్తుంది. అక్కడ గురి నాలుగు విస్పందనాల మీద కాదు, సున్నా మీద.

రెండో చోటు మరీ సున్నితం. వరస చివరి దండం మొదటిదానికి సరిగ్గా రెట్టింపేనా? ఇది తేలకపోతే లెక్కంతా గాల్లో ఉన్నట్టే. 220కి, 440కి మధ్య నేరుగా విస్పందనాలు రావు, ఎడం మరీ ఎక్కువ. 220 దండంలో రెండింతల అనుస్వరం, అంటే 440 దగ్గరి సన్నని ధ్వని, కొంచెం ఉంటుంది. దానికీ చివరి దండానికీ వచ్చే విస్పందనాన్ని వినాలి. శ్రుతిదండంలో ఆ అనుస్వరం బాగా బలహీనం. కింది దండాన్ని గట్టిగా మోగించి, పై దండాన్ని వీలైనంత మెల్లగా మోగిస్తే రెండు ధ్వనుల మధ్య తేడా ఇరవై డెసిబెల్లలోపుకి వస్తుంది, ఊపు చెవికి అందుతుంది. పైదాన్ని గట్టిగా కొడితే తేడా ముప్ఫై దాటి ఊపు మాయమవుతుంది. విస్పందనం లేదు కాబట్టి ఆక్టేవ్ కుదిరిందని పొరబడే ప్రమాదం ఇక్కడే ఉంది. వినబడకపోవడానికి, లేకపోవడానికి తేడా తెలియాలంటే పై దండానికి చిటికెడు మైనం అంటించి చూడాలి. బరువు పెరిగి అది కిందికి దిగుతుంది. అప్పుడు విస్పందనం వినబడితే మన ఏర్పాటు పనిచేస్తోందని, ఇందాకటి నిశ్శబ్దం నిజమైనదేనని నమ్మొచ్చు.

ఒక చిన్న పక్కదారి. 56 దండాలనూ ఒక్కసారే మోగిస్తే? ఒక్కోటి 40 డెసిబెల్లనుకుంటే, 56 సంవర్గమానాన్ని పదితో గుణిస్తే 17.5, మొత్తం 57.5. ఇద్దరు మాట్లాడుకునేంత. అన్నిటి మధ్యా ఎడం సరిగ్గా నాలుగు కాబట్టి ఆ కలగాపులగం పావు సెకనుకోసారి తనను తానే తిరగరాసుకుంటుంది. అన్నీ ఒకే దశలో బయలుదేరితే ప్రతి పావు సెకనుకూ ఒక లిప్తపాటు 56 పీడనాలూ ఒకేవైపు కలిసి, పీడనం 56 రెట్లై, 75 డెసిబెల్లకు ఎగరాలి. చేత్తో కొట్టిన దండాలు అలా బయలుదేరవు. వింటే మాత్రం విచిత్రంగా ఉండేది.

వరస సిద్ధమయ్యాక దాన్ని వాడడం హాయిగా ఉంటుంది. ఒక పియానోదో ఇంకోటిదో, ఏదో తెలియని స్వరం 432కి, 436కి మధ్య ఉందనుకుందాం. 432 దండంతో ఇరవై సెకన్లలో 30 విస్పందనాలు వస్తే సెకనుకు ఒకటిన్నర. విస్పందనం తేడా ఎంతో చెబుతుంది గాని ఎవరు పైనో చెప్పదు. స్వరం 433.5 కావచ్చు, 430.5 కావచ్చు. 436 దండం ఆ చిక్కు విప్పుతుంది. దానితో ఇరవై సెకన్లలో 50 వస్తే రెండున్నర, రెండూ కలిపి నాలుగు, స్వరం 433.5. మొత్తం నాలుగు కాకపోతే ఎక్కడో లెక్క తప్పింది. ప్రతి కొలతా తన తప్పును తానే బయటపెట్టేలా పనిముట్టును అమర్చడం షైబ్లర్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఈ వరసతోనే వియన్నా పియానోలను కొలిచి, అవి ఊగిసలాడే పరిధికి నడుమ ఉన్న 440ని ఆయన 1834లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన జర్మన్ శాస్త్రవేత్తల సభ ముందు పెట్టాడు. అంతర్జాతీయంగా 440 ఒప్పందం కుదిరింది 1939లో, లండన్‌లో.

ఈ ఏర్పాటుకు ఒక షరతు ఉంది. రెండు మూలాలూ ఒకదానిమీద ఒకటి ఒత్తిడి పెట్టకూడదు. షైబ్లర్ దండాలు విడివిడిగా ఉండేవి. తర్వాత జర్మనీలోనే ఆపున్ అనే ఆయన దండాల బదులు హార్మోనియంలో ఉండేలాంటి రీడ్లతో, ఒకే గాలిపెట్టె మీద ఇలాంటి వరస చేశాడు. తిత్తి నొక్కితే చాలు, ఎంతసేపైనా మోగుతాయి, దండంలా నిమిషంలో నీరసించవు. హెల్మ్‌హోల్ట్జ్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన అలెగ్జాండర్ ఎల్లిస్ 1870లలో లండన్‌లో ఈ రీడ్లతో కొలిచి, పారిస్‌లో పేరుమోసిన కోనిగ్ దండాలు వాటిమీద చెక్కిన అంకెకన్నా ఎక్కువ పలుకుతున్నాయని ప్రకటించాడు. కోనిగ్ ఊరుకోలేదు. చివరికి తేలిందేమిటంటే తప్పు రీడ్లదే. ఒకే పెట్టెలోని గాలిని పంచుకునే రెండు రీడ్లు కలిసి మోగేటప్పుడు ఒకదాన్నొకటి కొంచెం పక్కకి నెట్టి, ఉండాల్సినదానికన్నా విస్పందనాలను వేగం చేస్తున్నాయి. ప్రతి జతలోనూ అదే వైపు. అలాంటి చిన్న తప్పు వరస పొడుగునా పేరుకుపోయి పెద్దదైంది. రీడ్లు విడిగా మోగితే ఒక పౌనఃపున్యం, జంటగా మోగితే ఇంకొకటి. విస్పందనం వినాలంటే జంటగా మోగించక తప్పదు. కోనిగ్‌తో వాదం ముగిశాక ఎల్లిస్ తన తర్వాతి కొలతలకు మళ్లీ శ్రుతిదండాల దగ్గరికే వచ్చాడు.